గాలి ఆగినా బయటికి రావద్దు

మైకు చప్పుడు వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. జగదల్‌పూర్‌లో మా సందులోకి పొద్దున్నే చెత్తబండి వస్తుంది, దాని మీదొక మైకు. మధ్యాహ్నం చీరల సేల్ ఆటో, దాని మీదొక మైకు. ఎన్నికలొస్తే ఇక చెప్పనే అక్కర్లేదు. "మైకు మీద కోపమేందత్తమ్మా, అదేమన్నా మనిషా?" అని మా కోడలు నవ్వుతుంది. నవ్వనీ. తుఫాను షెల్టరు తలుపుకి వీపు ఆనించి కూర్చున్న ఆడమనిషిని అది చూడలేదు. నేను చూశాను.

నేను పుట్టింది తెలుగు సరిహద్దు దాటగానే ఉన్న కోంటాలో. నాన్నది బజార్లో కిరాణా కొట్టు. వానాకాలం గోదావరి నిండితే దాంట్లో కలిసే మా శబరి ఏరు వెనక్కి తన్నేది, నీళ్ళు బజార్లోకి వచ్చేసేవి. ముందుగా సర్కారు జీపొకటి వచ్చి మైకులో ఏదో చెప్పి పోయేది. అంతా హిందీ, అదీ కచేరీ హిందీ. భేజ్జి వైపు నుంచి అడవి సరుకు అమ్ముకోడానికి వచ్చిన రైతులకు అందులో ముక్క అర్థమయ్యేది కాదు. జీపు పోయాక నాన్న ఉప్పు బస్తాల మీదికెక్కి అదే కబురు ఆ రైతుల దోర్లి భాషలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పేవాడు. "నీళ్ళొస్తున్నయ్. గుట్ట మీదికి పోండి. మీ సరుకు ఈడ్నే పెట్టి పోండి, నేను చూస్కుంటా." జనం లేచి పోయేవాళ్ళు. జీపు చెప్పినప్పుడు కదలనివాళ్ళు నాన్న చెబితే ఎందుకు కదిలారని చిన్నప్పుడు అడిగాను. "ఏలాన్ అంటే, చాటింపంటే ఏంది బిడ్డా? ఇన్నోడు లేచి నడవాలె. లేకపోతే అది వట్టి అరుపే" అన్నాడు.

ఆ మాట నాకు పనికొచ్చే ఊరు సముద్రం పక్కన ఉంటుందని అప్పుడు ఎవరనుకున్నారు! పెళ్ళై గోదావరి సముద్రంలో కలిసే వైపు కాపురానికి వెళ్ళాను. అక్కడే ఒక చేపలు పట్టేవాళ్ళ ఊళ్ళో టీచరునయ్యాను. బడి అంటే తుఫాను షెల్టరే. పెద్ద తుఫాను తర్వాత సర్కారు కట్టించింది. కింద స్తంభాలు, పైన రెండు గదులంత హాలు, దాని మీద డాబా. మామూలు రోజుల్లో పిల్లలు, తుఫాను రోజుల్లో ఊరంతా. తాళంచెవి నా దగ్గరే. నా మాట తీరు చూసి ఊరివాళ్ళు నన్ను 'అడివి టీచరమ్మ' అనేవాళ్ళు. ముఖం మీదే అనేవాళ్ళు, నేనూ ముఖం మీదే తిట్టేదాన్ని. బాగానే కలిసిపోయాం.

బడి పక్కింట్లో ఒక అక్క ఉండేది. చేపల గంప ఎత్తుకుని ఊళ్ళు తిరిగి అమ్మేది. ఆమె భర్తకు సొంత నావ. నేను వెళ్ళిన కొత్తలోనే ఒక తుఫాను వచ్చింది. ఆ రోజు జీపులో వినిపించిన ప్రకటన నాకు ఇప్పటికీ అక్షరం అక్షరం గుర్తుంది, మంచిదై కాదు. "తీరప్రాంత ప్రజలు అప్రమత్తముగా ఉండవలసినదిగా కోరడమైనది. లోతట్టు ప్రాంతముల వారు సురక్షిత ప్రదేశములకు తరలవలెను. గాలులు తగ్గిన అనంతరం ప్రజలు తమ తమ గృహములకు తిరిగి వెళ్ళవచ్చును." ఆ చివరి ముక్క ఎవడు రాశాడోగానీ, వాడికి తుఫాను గురించి తెలిసిందంతా క్యాలెండరులో బొమ్మే అయ్యుండాలి.

తుఫాను మన నెత్తి మీదుగా దాటితే గాలి మధ్యలో ఆగిపోతుంది. ఆగడమంటే తగ్గడం కాదు, ఠక్కున ఆగిపోతుంది. ఆకాశం తేటపడుతుంది, ఎండ కూడా రావచ్చు. దాన్ని తుఫాను కన్ను అంటారు. ఆ కన్ను దాటగానే గాలి రెండో వైపు నుంచి విరుచుకుపడుతుంది. మా ఊళ్ళో మొదటి గాలి ఉత్తరం నుంచి, నేల మీంచి వచ్చేది. రెండోది దక్షిణం నుంచి, సముద్రాన్ని వెంటబెట్టుకుని వచ్చేది.

ఊరి మగవాళ్ళకు ఇది తెలియక కాదు. తెలియడమే వాళ్ళ కొంప ముంచింది. ఉత్తరపు గాలికి ఊరి పక్క పాయలో నావల్ని ఒక పక్కకి లాగి కడతారు. గాలి తిరిగితే ఆ తాళ్ళు పనికిరావు, రెండో పక్కకి మార్చి కట్టాలి. అందుకని గాలి ఆగిన ఆ కాసేపట్లోనే పాయ దగ్గరికి పరిగెత్తాలి. అది వాళ్ళ తాతల నాటి పద్ధతి. వెళ్ళనివాణ్ణి మగాడిగా చూడరు. ఆ రోజు గాలి ఆగగానే అక్క భర్త లేచాడు. "ఉండవయ్యా" అని అక్క చెయ్యి పట్టుకుంది. "మైకులోనే సెప్పారు గదే, గాలి తగ్గితే ఎల్లొచ్చని" అని విడిపించుకుని వెళ్ళాడు. ఆయనతో ఇంకొందరు కూడా వెళ్ళారు. రెండో గాలి వచ్చింది, దాని వెనకే నీళ్ళు వచ్చాయి. పాయ దగ్గరికి వెళ్ళినవాళ్ళలో ఒక్కరూ తిరిగి రాలేదు.

సర్కారు వాళ్ళు బియ్యం ఇచ్చారు, దుప్పట్లు ఇచ్చారు, ఫొటోలు తీసుకున్నారు. ఆ వాక్యం గురించి మాత్రం ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత చాన్నాళ్ళు అక్క చేపల గంప దించినప్పుడల్లా నన్ను ఒకటే అడిగేది: "ఎల్లొచ్చని ఎందుకు సెప్పారు టీచరమ్మా?" నేనేం చెబుతాను, నా తలకాయ!

ఏళ్ళు గడిచాయి. అక్క కొడుకు పెద్దవాడై, అప్పోసప్పో చేసి తండ్రిలాగే నావ కట్టించుకున్నాడు. పెళ్ళి కూడా కుదిరింది. అలాంటప్పుడు మళ్ళీ తుఫాను కబురు వచ్చింది. ఈసారి రేడియోలో ముందుగానే చెప్పారు. మా మండలానికి జిల్లా నుంచి ఒక ప్రత్యేక అధికారిని పంపారు. ఇస్త్రీ చొక్కా, మంచి గొంతు, తొణకని మనిషి. జీపుకి మైకు కట్టించుకుని మా బడి ముందు ఆగాడు. "ప్రకటన ప్రశాంతంగా ఉండాలి, స్పష్టంగా ఉండాలి, ఎన్నిసార్లు చెప్పినా ఒకేలా ఉండాలి" అని తహసీలు వాళ్ళకు చెబుతున్నాడు. బాగుందే, ఈయనెవరో పని తెలిసినవాడే అనుకున్నాను. అప్పుడు కాగితం తీసి మైకు పరీక్ష కోసం చదివాడు.

"తీరప్రాంత ప్రజలు అప్రమత్తముగా ఉండవలసినదిగా కోరడమైనది..."

అదే కాగితం. కొత్తగా టైపు చేయించారంతే. చివరికొచ్చేసరికి "గాలులు తగ్గిన అనంతరం" అని అదే వాక్యం, ఒక్క అక్షరం తేడా లేదు.

నేను మెట్లు దిగి పరిగెత్తుకొచ్చాను. బడి పిల్లలు చూస్తున్నారన్న ధ్యాస కూడా లేదు. కోపమొస్తే నా నోట్లోంచి కోంటా వచ్చేస్తుంది.

"ఏంది సార్ ఇది? మనుషుల్ని చంపే కాయితం మళ్ళీ తెచ్చిండ్రా?"

ఆయన మైకు కట్టేశాడు. "అమ్మా, మీరు టీచరు. కాస్త నిదానంగా మాట్లాడండి."

"నిదానంగా మాట్లాడితే మీరింటరా? గాలి తగ్గినంక ఇంటికి పొమ్మంటున్నరు. పోయినసారి గట్లనే పోయిండ్రు, మళ్ళ రాలే! మీరు రాసేది ఏందో మీకన్నా తెలుస్తుందా?"

"ఇది పైనుంచి ఆమోదమైన ప్రకటన. తీరం పొడుగునా ఇదే చదువుతున్నారు. ఒక్కో ఊళ్ళో ఒక్కోలా చెబితే జనం గందరగోళపడతారు. కన్ను గురించి చెబితే భయపడతారు కూడా."

"భయపడనీయండి సార్! భయపడినోడు బతుకుతడు."

ఆయన ముఖం ఎర్రబడింది. "ప్రభుత్వ పనికి అడ్డు తగులుతున్నారు. మీకు మెమో ఇవ్వాల్సి వస్తుంది."

"ఇచ్చుకోండి. రెండు ఇచ్చుకోండి. ఒకటి మడిచి కిటికీ సందులో పెడతా, వాన పడకుండా."

చుట్టూ జనం చేరారు. ఎవరో నవ్వారు. అది ఆయన్ని ఇంకా మండించినట్టుంది, జీపెక్కి డ్రైవర్ని పోనిమ్మన్నాడు. జీపు కదల్లేదు. ముందర అక్క నిలబడి ఉంది. నెత్తి మీద గంప అలాగే ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు.

"బాబూ, ఆ కాయితంలో ఆకర్న ఏటి రాసుందో మళ్ళీ సదువు" అంది.

"అమ్మా, తప్పుకో. ఇంకా చాలా ఊళ్ళు తిరగాలి."

"సదువు బాబూ. నేను ఇంటాను."

ఆయన చదవలేదు. అక్క గంప దించి జీపు ముందు నేల మీద పెట్టింది. అక్క గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. ఆ రోజు కూడా గట్టిగా మాట్లాడలేదు.

"ఆ ముక్క ఇని మా ఆయన ఎల్లిపోయాడు బాబూ. ఇప్పుడు ఇదిగో, నా కొడుకు. ఆడికీ నావుంది. నువ్వు మళ్ళీ ఎల్లొచ్చని సెబితే ఈడూ ఎల్తాడు. నా మాట ఇనడు, మైకు మాట ఇంటాడు. ఆళ్ళ అయ్యలాగే."

కొడుకు అక్కడే ఉన్నాడు. తల వంచుకున్నాడు తప్ప, కాదనలేదు.

అధికారి వాడి వైపు చూశాడు. జీపు దిగాడు. కాగితాన్ని బానెట్ మీద పరిచి ఆ చివరి వాక్యాన్ని పెన్నుతో కొట్టేశాడు. "సరే. ఏం చెప్పాలో మీరే చెప్పండి" అన్నాడు. నిజం చెప్పొద్దూ, ఆ మనిషి మీద నా కోపం సగం అక్కడే దిగింది. మిగిలిన సగం ఆ కాగితం టైపు చేయించిన వాళ్ళ మీదికి మళ్ళింది, అది ఇప్పటికీ దిగలేదు.

మొదట ఆయన "తుఫాను కేంద్రము తీరము దాటు సమయమున" అని మొదలుపెట్టాడు. "ఏడ్చినట్టే ఉంది" అన్నాను. ఆయన విననట్టు అది కూడా కొట్టేశాడు. పిల్లలకు చెప్పినట్టు చిన్న చిన్న వాక్యాలు రాద్దామన్నాను. అక్క కొడుకు అప్పుడు నోరు తెరిచాడు. "బయటికి రావద్దని వట్టినే సెబితే మావోళ్ళు ఆగరండి. తాళ్ళ సంగతి సెప్పాలండి. రెండు పక్కలా ఇప్పుడే కట్టేసుకోమనండి. అప్పుడు ఎల్లాల్సిన పనుండదు." అధికారి అది రాసుకున్నాడు. అంతా అయ్యాక ఒకసారి పైకి చదివాడు. జనం తలలూపారు. జీపు ఎక్కి మైకు పట్టుకున్నాడు.

ఆ ప్రకటన ఇది.

"ఊరి ప్రజలకు జిల్లా అధికారి చెబుతున్న మాట. రేపు మధ్యాహ్నం తుఫాను మన తీరం దాటుతుంది. ఈ రోజు చీకటి పడకముందే అందరూ బడి షెల్టరుకు రండి. ఆడవాళ్ళు, మగవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు, అందరూ రండి. బియ్యం, తాగే నీళ్ళు, మందులు, టార్చిలైటు తెచ్చుకోండి. రేషన్ కార్డు, పట్టాలు ప్లాస్టిక్ సంచిలో చుట్టి తెచ్చుకోండి. పశువుల పలుపులు విప్పేయండి. ఎవరూ వేటకు వెళ్ళవద్దు. పడవలకు రెండు పక్కలా తాళ్ళు ఇప్పుడే కట్టండి. గాలి ఆగితే తుఫాను ఆగినట్టు కాదు. మళ్ళీ దక్షిణం నుంచి గాలి వస్తుంది. దానితో సముద్రం వస్తుంది. గాలి ఆగినా బయటికి రావద్దు. తాళ్ళ కోసం వెళ్ళవద్దు. షెల్టరులో మేము మైకులో చెప్పాకే ఇళ్ళకు వెళ్ళండి. మళ్ళీ చెబుతున్నాను."

మళ్ళీ చెప్పాడు. మళ్ళీ మళ్ళీ చెప్పాడు. ఊళ్ళో ప్రతి సందులో ఆగి, పాయ గట్టున ఆగి, చేపలు ఎండబెట్టే దిబ్బల దగ్గర ఆగి చెప్పాడు. గొంతు హెచ్చించలేదు, ఒక్క మాట మార్చలేదు. సాయంత్రానికి గొంతు బొంగురుపోయింది కానీ మాట మారలేదు. పిల్లలు జీపు వెనక పరిగెత్తుతూ ఆయనలాగే నిదానంగా, "మళ్ళీ చెబుతున్నాను" అని వెక్కిరించారు. రోలు దగ్గర కూర్చున్న ముసలమ్మలకు కూడా నోటికొచ్చేసింది. అక్క సామాను మూట కడుతూ పెదాల కింద అదే గొణుక్కుంటోంది. పాయలో మగవాళ్ళు రెండు పక్కలా తాళ్ళు బిగించారు.

చీకటి పడేలోగా ఊరు ఊరంతా షెల్టరులో ఉంది. ఒకరిద్దరు మొండివాళ్ళు రామంటే మా టీచర్లూ తలారీ వెళ్ళి పట్టుకొచ్చారు. అధికారి కూడా మాతోనే ఉండిపోయాడు. జీపు కింద స్తంభాల మధ్య పెట్టించాడు. బ్యాటరీ మైకు మాత్రం పైకి తెప్పించుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఉత్తరపు గాలి అందుకుంది. ఆ గాలిని వర్ణించమని ఇప్పుడు ఎవరైనా అడిగితే నాకు విసుగొస్తుంది. కిటికీ తలుపులు బల్లలడ్డం పెట్టి పట్టుకున్నాం, పిల్లలు ఏడ్చారు, కొబ్బరిచెట్లు విరిగిపడుతుంటే పెద్దవాళ్ళూ ఏడ్చారు. అంతే. ఒకరి మాట ఒకరికి వినిపించలేదు.

అప్పుడు గాలి ఆగిపోయింది.

చెవుల్లో హోరు మాత్రం మిగిలింది. కిటికీ సందులోంచి ఎండ వచ్చి నేల మీద పడింది. ఎక్కడో కాకి అరిచింది. హాల్లో ఉన్నవాళ్ళందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. ఆ ఊపిరి నాకు నచ్చలేదు. పోయినసారి కూడా సరిగ్గా ఇలాగే వదిలారు.

ముందుగా లేచింది ఎవరో తెలుసా? మా అధికారి! నిద్రలేదు, అలిసిపోయాడు, ఏ ధ్యాసలో ఉన్నాడో. "జీపులో వైర్‌లెస్ ఉంది, మండలానికి ఒక్క మాట చెప్పి వస్తాను" అంటూ తలుపు వైపు నడిచాడు. ఆయన కదలడంతోనే పది మంది మగవాళ్ళు లేచారు. వాళ్ళలో అక్క కొడుకూ ఉన్నాడు. "తాళ్ళు ఒక్కసారి సూసొచ్చేత్తానమ్మా" అన్నాడు. "ఆఫీసరుగారే ఎల్తన్నారు గదా."

నోరు తెరిచాను. నాకంటే ముందు అక్క లేచింది. మనుషుల్ని తోసుకుంటూ వెళ్ళి తలుపుకి వీపు ఆనించి కూర్చుంది. అరవలేదు, ఏడవలేదు. నిన్నంతా మైకులో విన్న ఆ గొంతుతోనే, ఆ నిదానంతోనే, అధికారి ముఖంలోకి చూస్తూ చెప్పింది.

"గాలి ఆగితే తుఫాను ఆగినట్టు కాదు."

ఆయన ఆగిపోయాడు.

"మళ్ళీ దచ్చినం నుంచి గాలి వత్తుంది. దాంతో సముద్రం వత్తుంది."

మూల నుంచి ఒక ముసలమ్మ అందుకుంది, "గాలి ఆగినా బయటికి రావద్దు." ఆమె పక్కనున్న పిల్లలు అందుకున్నారు. ఆపైన ఆడవాళ్ళంతా. భయంతో వణుకుతూనే, ఒక్క గొంతుతో, ఆయన చెప్పిన వరసలోనే ఆయనకే చెప్పారు. "తాళ్ళ కోసం వెళ్ళవద్దు. మళ్ళీ చెబుతున్నాను." మళ్ళీ చెప్పారు. లేచిన మగవాళ్ళు ఒక్కొక్కరే కూర్చున్నారు. అక్క కొడుకు చివర్న కూర్చున్నాడు, తల్లి కాళ్ళ దగ్గర. అధికారి వెనక్కి వెళ్ళి, బ్యాటరీ మైకు తీసుకుని, వాళ్ళతోపాటు తనూ చెప్పాడు. ఆ గొంతు ఈసారి అంత నిదానంగా లేదు.

అది ఎంతసేపో నేను చూడలేదు. దక్షిణం వైపు కిటికీ ఒక్క పెట్టున లోపలికి విరిగిపడింది. దాని వెనక గాలి, గాలి వెనక నీళ్ళు.

గాలి కాస్త నెమ్మదించాక, వెలుతురు ఇంకా ఉండగానే, అక్క కొడుకూ నేనూ మరికొందరం డాబా మెట్ల దగ్గరికి వెళ్ళి చూశాం. కింద స్తంభాల మధ్య జీపు లేదు. పాయకు వెళ్ళే దారి లేదు. పాయ, దారి, ఊరు, అంతా ఒకటే నీళ్ళు, బురద రంగు. నావలు కొన్ని తాళ్ళకే ఉన్నాయి. అక్క కొడుకు నావ లేదు. వాడు అటే చూస్తూ ఏడ్చాడు. ఎవరూ ఓదార్చలేదు, ఎందుకంటే ఏడవడానికి వాడున్నాడు.

అక్క నా పక్కకొచ్చి నిలబడింది. కొడుకు వైపు చూడలేదు. దారి ఉండాల్సిన చోట నీళ్ళ వైపు చూసింది. ఆ దారినే ఆమె భర్త వెళ్ళాడు.

"టీచరమ్మా, బయటికి రావద్దని సెప్పడానికి బాబుకి ఎంతసేపు పట్టింది?"

"ఒక్క ఊపిరంత" అన్నాను.

"ఇంత సిన్న మాటేనా?" అంది. "అప్పుడు ఈ మాటేనా సెప్పనిది?"